రైల్వే టైంటేబుల్: అర్ధరాత్రి దాటిన తేదీ, రెండు బండ్ల మధ్య వ్యవధి

రైల్వే టైంటేబుల్ అంటే ఏ బండి ఏ స్టేషన్‌కు ఎప్పుడు చేరుతుంది, అక్కడి నుంచి ఎప్పుడు కదులుతుంది, అప్పటికి అది బయలుదేరి ఎన్నో రోజు అన్నది చెప్పే పట్టిక. మొదటి రెండింటినీ అందరూ చూస్తారు. మూడోదాన్ని చాలామంది చూడరు. రాత్రి ప్రయాణాల్లో బండి తప్పిపోవడానికీ, తత్కాల్ టికెట్ చేజారడానికీ ఎక్కువగా ఆ మూడో అంకె మీద చూపు పడకపోవడమే కారణం. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలం నుంచి రైలెక్కేవాళ్ల దారిని ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ పట్టికను చదివే పద్ధతిని వివరిస్తుంది. మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడా చెబుతుంది.

ముందు స్టేషన్ పేరు

లింగాల ఘనపూర్‌కు రైల్వే స్టేషన్ లేదు. టైంటేబుల్‌లో కనిపించే ఘనపూర్ ‘స్టేషన్ ఘనపూర్’ అనే ఊళ్లో ఉంది. సికింద్రాబాద్ నుంచి వచ్చేటప్పుడు జనగామ, రఘునాథపల్లి దాటాక తగులుతుంది. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లు ఉన్న ఘనపూర్ ఇంకొకటి. ఆ ఊరికే కాదు, భూపాలపల్లి పట్టణానికి కూడా రైలు లేదు. అక్కడివాళ్లు పరకాల మీదుగా బస్సులో వరంగల్‌కో కాజీపేటకో రావాల్సిందే. అందుకే పేరు కొట్టి వెతికినప్పుడు వచ్చిన మొదటి ఘనపూర్‌ను ఎంచుకోకూడదు. లింగాల ఘనపూర్ వాళ్లకు అసలు స్టేషన్ జనగామ, కోడ్ ZN. కాజీపేట కోడ్ KZJ, వరంగల్ WL, మహబూబాబాద్ MABD, సికింద్రాబాద్ SC. వెతికేటప్పుడు పేరుకు బదులు కోడ్ కొడితే పొరపాటుకు తావుండదు.

జనగామ మీదుగా వెళ్లే లైను నిజాం రాజ్యంలో వేసినది. వాడి నుంచి 1874లో సికింద్రాబాద్‌కు వచ్చిన మార్గాన్ని వరంగల్, డోర్నకల్ మీదుగా పొడిగించి 1889లో బెజవాడకు చేర్చారు. కాజీపేట నుంచి ఉత్తరంగా బల్లార్షాకు వెళ్లే లైను పూర్తయింది 1929లో. ఈ రెండు లైన్లు కలిసే తీరు తెలియకపోతే ఇక్కడి టైంటేబుల్ సగమే అర్థమవుతుంది.

కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లే. చూసేవాళ్లకు రెండూ ఒకే ఊరిలా ఉంటాయి. టైంటేబుల్‌కు మాత్రం ఇవి రెండు వేర్వేరు దారులు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటి బండి కాజీపేటకు వచ్చి అక్కడి నుంచే ఉత్తరానికి తిరుగుతుంది, వరంగల్ ముఖం చూడదు. చెన్నై నుంచి విజయవాడ మీదుగా ఢిల్లీ వెళ్లే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటివి వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే పక్క లైను మీదుగా బల్లార్షా వైపు వెళ్లిపోతాయి. హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే బండ్లకే ఈ రెండు స్టేషన్లూ దారిలో పడతాయి. కాబట్టి జనగామలో ఎక్కి ఢిల్లీ–చెన్నై దారిలోని బండిని అందుకోవాలంటే మారాల్సింది వరంగల్‌లో. హైదరాబాద్–ఢిల్లీ బండికైతే కాజీపేటలో. ‘జంక్షన్’ అన్న పేరు చూసి ప్రతిదానికీ కాజీపేటలో దిగితే, అందుకోవాల్సిన బండి ఆ స్టేషన్‌కు రానే రాదు.

పట్టికలోని గడులు

బండి నంబరుకు 2010 డిసెంబరు నుంచి ఐదంకెలు. పోయే బండికీ తిరిగొచ్చే బండికీ పక్కపక్క నంబర్లుంటాయి: విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727, తిరిగి వెళ్లేది 12728. సున్నాతో మొదలయ్యేవి ప్రత్యేక బండ్లు. వాటి సమయాలూ, నడిచే రోజులూ కొద్దికాలానికే పరిమితం కాబట్టి పోయిన నెలలో చూసినదాన్ని నమ్ముకోకూడదు. మామూలు బండ్ల సమయాలు కూడా కొత్త టైంటేబుల్‌తో మారతాయి. చాలా ఏళ్లపాటు కొత్త పట్టిక జులై 1న అమల్లోకి వచ్చేది. 2022లో, 2023లో అక్టోబరు 1న వచ్చింది, ఆ తర్వాతిది 2025 జనవరి 1న. గోడకు అతికించిన పట్టిక మీద ‘ఎప్పటి నుంచి అమలు’ అన్న తేదీని చూశాకే సమయం చూడాలి.

సమయాన్ని 24 గంటల లెక్కలో రాస్తారు. ఒక్కో స్టేషన్‌కు రెండు గడులు, రాక, పోక. జనగామ లాంటి చోట ఈ రెండింటి మధ్య నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. బండి ముందే వచ్చినా పోక గడిలోని సమయం కాకముందు దాన్ని కదిలించరు, అది రైల్వే నియమం. కాబట్టి ఎక్కేవాళ్లకు లెక్క పోక గడి. దిగి మరో బండి అందుకోవాల్సినవాళ్లకు రాక గడి.

ఇంకొక విషయం పట్టికలో రాసి ఉండదు, పోల్చి చూస్తేనే తెలుస్తుంది. హైదరాబాద్ (నాంపల్లి) నుంచి సికింద్రాబాద్‌కు పది కిలోమీటర్ల లోపే. అక్కడ బయలుదేరే బండికి ఈ ముక్కకు పావుగంట, ఇరవై నిమిషాలు వేస్తారు. అదే దారిలో నాంపల్లికి చేరే బండికి దానికి రెట్టింపు దాకా వేస్తారు. దారిలో పోయిన సమయాన్ని చివరి స్టేషన్‌కు వచ్చేసరికి పూడ్చుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. చివరి స్టేషన్‌కు ‘రైట్ టైం’లో చేరిందని చూపించే బండి మధ్యలో జనగామకు అరగంట లేటుగా వచ్చి ఉండవచ్చు. మీరు మారే స్టేషన్ మధ్యలో ఉంటే ఆ వెసులుబాటు మీకు దక్కదు. ఒక ముక్కకు పోయేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత అని రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుంటే, వెసులుబాటు ఎక్కడ దాచారో మీకే కనిపిస్తుంది.

అర్ధరాత్రి

మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. మాటల్లోనూ అంతే, ‘శనివారం రాత్రి పన్నెండున్నరకు’ అంటాం. రైల్వేకు అది ఆదివారం 00:30. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న కొన్ని గంటల్లోనే గొడవంతా. 14వ తేదీ ఆదివారం 00:20 అని టికెట్ మీద ఉంటే, స్టేషన్‌లో ఉండాల్సింది 13వ తేదీ శనివారం రాత్రి. ఆదివారం పగలంతా సామాను సర్దుకుని ఆ రాత్రి పదకొండుకు స్టేషన్‌కు వచ్చినవాళ్ల బండి, అప్పటికి దాదాపు ఇరవై నాలుగు గంటల కిందటే వెళ్లిపోయి ఉంటుంది.

దీనికి తోడు రోజు అంకె ఉంది. ఐఆర్‌సీటీసీలోనూ, రైళ్ల రాకపోకలు చూపే ఎన్‌టీఈఎస్‌లోనూ పట్టిక పక్కన 1, 2, 3 అని కనిపించేది ఇదే. బండి మొదటి స్టేషన్‌లో బయలుదేరిన తేదీ ఒకటో రోజు. అక్కడి నుంచి ఎన్ని అర్ధరాత్రులు దాటితే అన్ని అంకెలు పెరుగుతాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌నే చూడండి. 12728 సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి ఆ రాత్రే వరంగల్ వస్తుంది, కాబట్టి ఆ బండికి వరంగల్ ఒకటో రోజు. 12727 సాయంత్రం విశాఖలో బయలుదేరి తెల్లవారకముందే వరంగల్ చేరుతుంది, దానికి అదే వరంగల్ రెండో రోజు. స్టేషన్ ఒకటే, బండి పేరూ ఒకటే, అంకె మాత్రం వేరు.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో ఒక వారపు బండితో చూద్దాం. లెక్క తేటగా తెలియడానికి కింది సమయాలు ఊహించి వేసినవి, ఏ ఒక్క బండివీ కావు. శుక్రవారాల్లో మాత్రమే ఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్లే బండి అనుకుందాం.

ఢిల్లీ, పోక 22:30, రోజు 1
నాగ్‌పూర్, రాక 17:00, రోజు 2
బల్లార్షా, రాక 20:40, రోజు 2
వరంగల్, రాక 00:18, పోక 00:20, రోజు 3
చెన్నై, రాక 10:30, రోజు 3

‘శుక్రవారం’ అని పట్టికలో రాసినది ఢిల్లీ శుక్రవారం. నడిచే రోజులను మొదటి స్టేషన్‌ను బట్టే రాస్తారు. వరంగల్ మూడో రోజు కాబట్టి శుక్రవారానికి రెండు కలిపితే ఆదివారం. 12వ తేదీ శుక్రవారం బయలుదేరిన బండి వరంగల్‌ను 14వ తేదీ ఆదివారం 00:20కి వదులుతుంది. టికెట్ మీద ప్రయాణ తేదీ 14 అని వస్తుంది, ఎందుకంటే టికెట్ మీద పడేది మీరు ఎక్కే స్టేషన్‌లోని తేదీ. ఇల్లు వదలాల్సింది మాత్రం 13వ తేదీ శనివారం సాయంత్రం. ఒకే ప్రయాణానికి మూడు వారాలు వచ్చాయి: బండిది శుక్రవారం, ఇల్లు వదిలేది శనివారం, టికెట్‌ది ఆదివారం. కాగితం మీద ఈ మూడూ విడివిడిగా రాసుకోవడం మంచి అలవాటు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పేటప్పుడైతే తేదీ కంటే ‘శనివారం రాత్రి తిని బయలుదేరాలి’ అన్న మాటే భద్రం.

ప్రయాణ కాలం లెక్కకట్టడానికి అర్ధరాత్రి దాటిన ప్రతిసారీ 24 కలపాలి. వరంగల్ 00:20 మూడో రోజు కాబట్టి 48:20 అవుతుంది. అందులోంచి 22:30 తీసేస్తే 25 గంటల 50 నిమిషాలు. రోజు అంకెను వదిలేసి లెక్కపెడితే గంటా యాభై నిమిషాల్లో ఢిల్లీ నుంచి వరంగల్ వచ్చినట్టు తేలుతుంది. జవాబు అంత వింతగా ఉంటే తప్పు వెంటనే తెలుస్తుంది.

తత్కాల్ దెబ్బ ఇక్కడే తగులుతుంది. తత్కాల్ టికెట్లు ప్రయాణానికి ఒక రోజు ముందు తెరుచుకుంటాయని అందరికీ తెలుసు, ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతావాటికి 11 గంటలకు. కానీ ఆ ‘ఒక రోజు ముందు’ అన్నది బండి మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీకి. పై బండి ఢిల్లీలో 12న కదులుతుంది కాబట్టి తత్కాల్ 11వ తేదీ గురువారం తెరుచుకుంటుంది. టికెట్ మీద 14 అని వస్తుందని 13వ తేదీ ఉదయం పదికి కంప్యూటర్ ముందు కూర్చుంటే, బండి అప్పటికే నాగ్‌పూర్ దారిలో ఉంటుంది. గోదావరిలో కూడా ఇంతే. వరంగల్‌లో 14న ఎక్కాలనుకుంటే 12728కి తత్కాల్ 13న, 12727కి 12న. అరవై రోజుల ముందు తెరుచుకునే మామూలు రిజర్వేషన్‌కూ మొదటి స్టేషన్ తేదీయే లెక్క. 2024 నవంబరు 1 దాకా ఆ గడువు 120 రోజులుండేది.

బండి ఎక్కడుందో వెతికేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. వరంగల్ ప్లాట్‌ఫారం మీద అర్ధరాత్రి దాటాక నిలబడి, రోజూ నడిచే బండికి ‘ఈ రోజు’ అని ఎంచుకుంటే ‘ఇంకా బయలుదేరలేదు’ అని చూపిస్తుంది. అది చూపేది ఆ రోజు మొదటి స్టేషన్‌లో కదలబోయే తర్వాతి బండిని. మీ బండి నిన్నటిదో మొన్నటిదో. రోజు అంకెలోంచి ఒకటి తీసేసి, అన్ని రోజులు వెనక్కి వెళ్లి ఆ తేదీని ఎంచుకోవాలి. ఇంకో మాట, 13న 23:40కి రావాల్సిన బండి లేటై 14న 01:00కి వచ్చినా 13వ తేదీ టికెట్‌ మీదే ఎక్కాలి. లేటు వల్ల టికెట్ తేదీ మారదు.

రెండు బండ్ల మధ్య ఎంత వ్యవధి

లింగాల ఘనపూర్ నుంచి ఒక కుటుంబం పై వారపు బండిలో చెన్నై వెళ్లాలి. జనగామ నుంచి వరంగల్‌కు అరవై కిలోమీటర్లకు కొంచెం తక్కువ, ఎక్స్‌ప్రెస్‌లో సుమారు గంట. శనివారం రాత్రి వాళ్లకు రెండు బండ్లు కనిపించాయనుకుందాం. ఒకటి సికింద్రాబాద్‌లో బయలుదేరి జనగామకు 20:40కి వచ్చి వరంగల్‌కు 21:45కి చేరుతుంది. రెండోది ముంబయి వైపు నుంచి వస్తూ జనగామకు 22:35కి, వరంగల్‌కు 23:35కి. పట్టిక ప్రకారం రెండోదానికీ 45 నిమిషాల వ్యవధి ఉంది. మొదటిదాంట్లో వెళితే వరంగల్‌లో రెండున్నర గంటలకు పైగా కూర్చోవాలి. పిల్లలతో ఉన్నవాళ్ల మనసు సహజంగా రెండోదాని మీదికి పోతుంది.

ఇక్కడ ముందు అడగాల్సిన ప్రశ్న ‘వ్యవధి ఎంత’ అని కాదు. ‘రెండో బండి తప్పితే తర్వాతిది ఎప్పుడు’ అని. చెన్నై బండి తప్పితే అది మళ్లీ వచ్చేది వారానికి, చేతిలోని బెర్తులూ పోతాయి. అంత నష్టం ఉన్నచోట మొదటి బండి లేటుకు సగటు చూడకూడదు, బాగా లేటైన రోజును చూడాలి. ముంబయి వైపు బండి గత ఏడు రోజుల్లో జనగామ–వరంగల్ దగ్గర 10, 0, 25, 15, 70, 20, 5 నిమిషాలు లేటుగా నడిచిందనుకోండి. సగటు సుమారు ఇరవై ఒక్క నిమిషాలు, 45లో హాయిగా ఇమిడిపోతుంది. కానీ ఆ 70 నిమిషాల రోజున చెన్నై బండి వెళ్లిపోయి ఉంటుంది. వారంలో ఒక రోజు తప్పే కనెక్షన్‌ను నమ్ముకుని వారపు బండికి టికెట్ తీసుకోకూడదు. ఎన్‌టీఈఎస్‌లో కొన్ని రోజులపాటు ఆ బండి నడకను చూసి రాసుకుంటే ఈ అంకెలు దొరుకుతాయి. ప్రయాణం రోజున 139కి ఫోన్ చేసినా తెలుస్తుంది.

సికింద్రాబాద్‌లో మొదలయ్యే బండి వేరు. జనగామకు వచ్చేసరికి అది నడిచింది దాదాపు 85 కిలోమీటర్లే, లేటు పోగవడానికి అంత దారి లేదు. పైగా అది జనగామకు గంట లేటుగా వస్తోందని ఎనిమిదింటికే తెలిసిపోతే ఇంకో దారి ఉంది, జనగామ నుంచి హనుమకొండ, వరంగల్ వైపు జాతీయ రహదారి మీద బస్సు. 22:35 బండి లేటని తెలిసేసరికి బస్సులు తగ్గిపోయి ఉంటాయి. రెండున్నర గంటల వ్యవధిలో అసలు విలువైనది కూర్చునే సమయం కాదు, దారి మార్చుకునే వీలు. భూపాలపల్లి నుంచి బస్సులో వచ్చేవాళ్లకు కూడా లెక్క ఇదే, బస్సును మొదటి బండిగా అనుకుంటే సరిపోతుంది. మహబూబాబాద్ వాళ్లు వరంగల్‌కు వెనక్కి రావాలా, ముందున్న ఖమ్మంలో ఎక్కవచ్చా అన్నది ఆ బండి ఎక్కడెక్కడ ఆగుతుందో చూసి నిర్ణయించుకోవాలి. వెనక్కి రావడం కంటే ముందుకు వెళ్లి ఎక్కడం నయం, ఎందుకంటే దూరపు బండి అక్కడికి ఇంకా ఆలస్యంగా చేరుతుంది, మీకు ఆ మేరకు వ్యవధి పెరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో లెక్క తలకిందులవుతుంది. చెన్నై బండి తెల్లవారుజామున 03:30కి వరంగల్ చేరి, జనగామ వైపు బండి 04:15కి ఉందనుకుందాం. అదే 45 నిమిషాలు. దూరపు బండి లేటయ్యే అవకాశం ఇంకా ఎక్కువ. అయినా దీన్ని తీసుకోవచ్చు. 04:15 తప్పితే ఆ తర్వాత సికింద్రాబాద్ వైపు పొద్దున్నే వేరే బండ్లుంటాయి, తెల్లవారితే బస్సులూ ఉంటాయి, జనరల్ టికెట్ అయితే పోయే బెర్తు కూడా లేదు. పోతే ఒక గంట నిద్ర పోతుంది. వ్యవధి నిమిషాల్లో ఒకటే అయినా పోయేటప్పుడు పనికిరానిది వచ్చేటప్పుడు పనికొచ్చింది.

అన్నీ సకాలంలో నడిచినా కొన్ని నిమిషాలు ఎలాగూ పోతాయి. బండి దిగి, సామానుతో వంతెన ఎక్కి దిగి, ఇంకో ప్లాట్‌ఫారం మీద తమ బోగీ ఆగే చోటికి నడవడానికి పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవైని ముందే వ్యవధిలోంచి తీసేసి, మిగిలినదాన్నే లేటుకు ఉంచుకున్న సమయంగా లెక్కపెట్టాలి. పై 45లో నిజంగా చేతిలో ఉన్నది 25 నిమిషాలే.

రైల్వే ఇచ్చే రక్షణ, దాని హద్దు

రెండు రిజర్వేషన్ టికెట్లను ఒకదానికొకటి జతచేసే వీలు 2019 ఏప్రిల్ నుంచి ఉంది. మొదటి బండి లేటవడం వల్ల రెండోది తప్పితే, ప్రయాణించని భాగానికి రద్దు రుసుం లేకుండా డబ్బు తిరిగి ఇస్తారు. రెండు టికెట్ల మీదా ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి, మొదటి బండి దిగే స్టేషన్‌లోనే రెండోది ఎక్కాలి, మొదటి బండి నిజంగా చేరిన సమయం నుంచి మూడు గంటల లోపు దరఖాస్తు పెట్టాలి. దీనికి రెండు పీఎన్ఆర్‌లు కావాలి. జనగామలో కొన్న జనరల్ టికెట్‌కు పీఎన్ఆర్ ఉండదు కాబట్టి దాన్ని చెన్నై టికెట్‌తో జతచేయడం కుదరదు. జనగామ నుంచి వరంగల్ దాకా కూడా రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లకే ఈ రక్షణ. అది కూడా డబ్బుకే, తర్వాతి బండిలో బెర్తు మాత్రం ఇవ్వరు. పెళ్లికో పరీక్షకో వెళ్లేవాళ్లు దీన్ని చూసి వ్యవధి తగ్గించుకోకూడదు.

హైదరాబాద్ వైపు మారేవాళ్లకు ఇంకొక జాగ్రత్త అవసరం. అక్కడ సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి వేర్వేరు స్టేషన్లు. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ వాటికి తోడైంది. అంతకుముందు సికింద్రాబాద్‌లో ఆగిన కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లి నుంచే నడుస్తున్నాయి. చర్లపల్లి జనగామ–సికింద్రాబాద్ లైను మీదే ఉంది కాబట్టి ఇటువైపు నుంచి వెళ్లేవాళ్లకు అది అనుకూలమే, తాము ఎక్కిన బండి అక్కడ ఆగితే. ఆగకపోతే సికింద్రాబాద్ దాకా వెళ్లి నగరం రద్దీలో వెనక్కి రావాలి, దానికి గంట పైనే పట్టవచ్చు. అందుకే రెండో బండి పట్టికలో మొదటి వరుసను చదివి, ఆ స్టేషన్ పేరు మొదటి బండి పట్టికలో ఉందో లేదో చూశాకే టికెట్ తీసుకోవాలి.